'నీరు' దాస్తే 'లేరు' కూడా బయటికొచ్చింది: 56 అక్షరాలకు ఏ కీ పనికొస్తుంది?

పలక_బలపం

ఈ వారం పదం పొడుపు నేను పెట్టాల్సిన వంతు. ఎప్పుడూ అక్షరాలు తిరగేసి ఇవ్వడమేనా అని ఈసారి హిల్ పద్ధతిలో దాచాను. 1929లో లెస్టర్ హిల్ అనే అమెరికా లెక్కల ప్రొఫెసర్ ప్రకటించిన పద్ధతి ఇది. అక్షరాలను ఒక్కొక్కటిగా కాకుండా జంటలుగా తీసుకుని, ఒక మాత్రికతో గుణించి, అక్షరాల సంఖ్యతో భాగించి శేషం రాసుకుంటాం.

పదాన్ని వర్ణాలుగా విడగొట్టాను. అ నుంచి ఔ దాకా 16 అచ్చులకు 0 నుంచి 15, సున్నకు 16, అరసున్నకు 17, విసర్గకు 18, తర్వాత క 19తో మొదలై ఱ 55 దగ్గర ఆగుతుంది. చ పక్కన ౘ, జ పక్కన ౙ కూడా ఉన్నాయి. మొత్తం 56. కీ ఇది:

```
3 4
2 5
```

'నీరు' అంటే న్, ఈ, ర్, ఉ. అంటే 40, 3, 47, 4. మొదటి జంటకు 3×40 + 4×3 = 132, 56తో భాగిస్తే శేషం 20. 2×40 + 5×3 = 95, శేషం 39. రెండో జంటకు అలాగే 45, 2 వచ్చాయి. అక్షరాల్లో రాస్తే ఖ్, ధ్, మ్, ఇ. ఇదే కీతో సహా మా చెల్లెలికిచ్చి విప్పమంటే తను రకరకాల జంటలు పెట్టి చూసి 'లేరు' అంది! లెక్క వేసి చూస్తే లేరు కూడా సరిగ్గా ఖ్, ధ్, మ్, ఇ అవుతోంది. ఇంగ్లీషు 26 అక్షరాలతో ఇదే కీ శుభ్రంగా పనిచేసింది, విప్పే కీ కూడా దొరికింది. తెలుగులో ఎందుకు ఇలా అవుతోంది?

మామిడితోట

నిర్ధారకం సున్నా కాకపోతే విలోమం ఉంటుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం కదా. మీది 3×5 − 4×2 = 7. సున్నా కాదు కాబట్టి కీ మంచిదే. గుణింపులో ఎక్కడో పొరపాటు జరిగుంటుంది, మళ్లీ ఒకసారి చూడండి.

ఊరిచివర

నేనూ ఇలాగే మొన్న ఆఫీసులో ఖాళీగా ఉన్నప్పుడు ఎక్సెల్‌లో ప్రయత్నించాను. `MINVERSE` కొడితే 0.714, −0.571 లాంటివి వచ్చాయి. 0.714వ అక్షరం ఏమిటో అర్థంకాక వదిలేశాను. దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి సవరించాలా?

లెక్కల మాస్టారు

సవరించకండి, అది వేరే లెక్క. మామిడితోట గారు చెప్పింది మామూలు సంఖ్యలకు నిజమే, ఎందుకంటే అక్కడ 7తో భాగించడానికి అడ్డేమీ లేదు. ఇక్కడ మనకున్నవి 0 నుంచి 55 దాకా శేషాలు మాత్రమే. 7తో భాగించడం అంటే 7ని దేనితో గుణిస్తే శేషం 1 వస్తుందో ఆ సంఖ్యను వెతకడం. 26లో అలాంటిది ఉంది: 7×15 = 105, 26తో భాగిస్తే శేషం 1. అందుకే ఇంగ్లీషులో విప్పే కీ దొరికింది. 56లో వెతకండి. 56 కూడా 7 గుణిజమే కాబట్టి, 7ని దేనితో గుణించినా శేషం 0, 7, 14, 21 ఇలాగే వస్తుంది. 1 ఎప్పటికీ రాదు.

ఇక మీ చెల్లెలు చెప్పింది తప్పు కాదు. కీలో పై వరుస కూడండి, 3+4 = 7. కింది వరుస 2+5, అదీ 7. ఇప్పుడు జంటలో రెండు సంఖ్యలకూ 8 చొప్పున కలిపితే ఫలితానికి అదనంగా చేరేది 7×8 = 56, అంటే శేషంలో ఏమీ మారదు. 'నీ' అంటే 40, 3. ఎనిమిదేసి కలిపితే 48, 11. 48 ల్, 11 ఏ. 'లే' అయింది! ఇంకోసారి కలిపితే 0, 19, అంటే 'అక్'. ఇలా ఏడుసార్లు తిరిగి మళ్లీ 'నీ' దగ్గరికే వస్తారు. ఒక్కో జంట వెనుక ఏడు జంటలు దాక్కున్నాయి, మిగతావి తెలుగులో పలకవు కాబట్టి మీకు కనబడలేదు. మొత్తం జంటలు 56×56 = 3136 అయితే ఈ కీ వాటిని 448 జంటల్లోకి కుక్కేస్తోంది. కుక్కాక ఎవరు ఎక్కడినుంచి వచ్చారో కీ తెలిసినవాడికి కూడా తెలియదు.

పలక_బలపం

నీవు, లేవు కూడా ఒకటే అవుతాయన్నమాట! నీళ్లు, లేళ్లు కూడా. నేను లెక్క తప్పేమోనని నాలుగుసార్లు వేశాను మాస్టారూ.

గోదారి గట్టు

అసలు తెలుగుకు 56 అక్షరాలు ఎక్కడున్నాయండీ? ఌ, ౡ ఎవరు రాస్తున్నారు? మా పిల్లల పుస్తకంలో అవి లేనే లేవు, క్ష మాత్రం ఉంది. ముందు అక్షరాలెన్నో తేల్చుకుని తర్వాత కోడ్‌లు రాసుకుంటే బాగుంటుంది.

తెల్లకాగితం

ఆ తగువు ఇక్కడ ఎందుకు గోదారి గట్టు గారూ, ప్రశ్న కీ గురించి. నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: నిర్ధారకం బేసి సంఖ్య అయి, 13 గుణిజం కాకపోతే కీ చెల్లుతుంది. ఒక క్రిప్టోగ్రఫీ క్లాసులో చెప్పారు. కానీ ఆ లెక్కన 7 చెల్లాలి మరి. ఎందుకు చెల్లలేదో ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు.

లెక్కల మాస్టారు

క్లాసులో చెప్పింది సరైనదే, కాకపోతే అది 26కు కట్టిన సూత్రం. 26 = 2×13 కాబట్టి 2, 13 నిషేధం. 56 = 8×7, ఇందులో ఉన్న ప్రధాన సంఖ్యలు 2, 7. కాబట్టి మనకు నిర్ధారకం బేసి కావాలి, 7 గుణిజం కాకూడదు. 13తో మనకు ఏ గొడవా లేదు. ఈ కీ చూడండి:

```
5 2
1 3
```

నిర్ధారకం 13. ఇంగ్లీషులో ఇది పనికిరాదు. మన 56లో 13×13 = 169 = 3×56 + 1, అంటే 13కు విలోమం 13 అదే. విప్పే కీ కట్టడం తేలిక: ఏటవాలుగా ఉన్న 5, 3 తారుమారు చేసి, మిగతా రెంటికీ గుర్తు మార్చి, అన్నిటినీ 13తో గుణించి, 56లో శేషం రాయడమే.

```
39 30
43  9
```

ఊరిచివర గారూ, మీ ఎక్సెల్ సమస్యకు మందు కూడా ఇదే. `MINVERSE` మానేసి ఈ వరస చేతితో చేసి, చివర `MOD` పెట్టండి.

సరి నిర్ధారకం ఎందుకు కుదరదో కూడా తెలుగు పదాల్లోనే చూడొచ్చు. పై వరుస 4, 3, కింది వరుస 2, 2 తీసుకోండి, నిర్ధారకం 2. హల్లుకు 28 కలిపితే పైన 4×28, కింద 2×28 చేరతాయి, రెండూ 56 గుణిజాలే. గ 21, వ 49. మధ్య తేడా సరిగ్గా 28. 'గాలి' పంపితే అవతలివాడు 'వాలి' అని చదువుకునే అవకాశం ఉంది.

మామిడితోట

అర్థమైంది. మరి వాడదగ్గ కీలు ఎన్ని మిగులుతాయి? సగం పోతాయా?

లెక్కల మాస్టారు

సగం కంటే ఎక్కువే పోతాయి. రెండేసి వరుసల మాత్రికలు 56లో 98,34,496. వాటిలో చెల్లేవి 30,96,576, నూటికి 31 పైచిలుకు. ఎక్కువ దెబ్బ 2 వల్లే. అదొక్కటే నూటికి 62న్నర కొట్టేస్తుంది. ఇంగ్లీషులోనూ దాదాపు అంతే, చెల్లేవి నూటికి 34.

ఇప్పుడు గోదారి గట్టు గారి మాటకు వద్దాం, అది పక్కదారి కాదు. ఆయన అన్నట్టు ఌ, ౡ తీసేసి, వాటితో పాటు ౠ కూడా తీసేస్తే 53 మిగులుతాయి. 53 ప్రధాన సంఖ్య. అప్పుడు మామిడితోట గారు మొదట చెప్పిన సూత్రం అక్షరాలా నిజమవుతుంది, శేషం తీశాక నిర్ధారకం సున్నా కాకపోతే చాలు, నూటికి 98 కీలు చెల్లుతాయి. 'నీరు' దాచిన మొదటి కీ కూడా పనిచేస్తుంది.

గోదారి గట్టు

నేను అన్నది తీసేయమని కాదు! లెక్క తేలాలి అన్నాను అంతే. పాత పద్యం దాచాల్సి వస్తే 'పితౄణము'లో ౠ లేకుండా ఎలా?

తెల్లకాగితం

తీసేయడం ఎందుకు, కలుపుదాం. ఖాళీ, చుక్క, ప్రశ్నార్థకం చేర్చండి. 59 అవుతుంది, అదీ ప్రధాన సంఖ్యే. ఇంగ్లీషువాళ్లు 26కు మూడు గుర్తులు కలిపి 29 చేసుకుంటారు కదా, అలాగే. పదాల మధ్య ఖాళీ కూడా దాగిపోతుంది.

పలక_బలపం

59 నాకు బాగానే ఉంది. కానీ ఈ వారానికి 56లోనే ఉంచి కీలో ఒక్క అంకె మార్చాను. 5 తీసి 3 పెట్టాను, నిర్ధారకం 3×3 − 4×2 = 1. ఇప్పుడు నీ 20, 33 అయింది, లే 20, 17 అయింది. విడిపోయాయి! నీరు మొత్తం ఖ్, డ్, మ్, శ్. విప్పే కీ 3, −4, −2, 3. వెనక్కి వేస్తే 40, 3, 47, 4 వచ్చాయి. చెల్లెలు కూడా వేసి చూసింది.

ఇసక తిన్నె

ఇన్నాళ్లూ చదవడమే, ఇవాళ ఒకటి అడగాలనిపించింది. ఒత్తులు లేని పదాల్లో హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అని వరసగా వస్తాయి. జంటలు కడితే ప్రతి జంటా ఒక గుణింతపు అక్షరం అవుతోంది. అంటే ఈ కొత్త కీతో 'రు' ఎక్కడ వచ్చినా మ్, శ్ అవుతుంది. నీరు, వారు, పేరు, ఊరు, చెరువు... కాదు, ఊరులో ముందే అచ్చు ఉంది కాబట్టి జంట తప్పుతుంది. కానీ నీరు, వారు, పేరు, చెరువు నాలుగింటిలోనూ మ్, శ్ కనబడుతుంది. ఒక పేజీ దొరికితే ఎక్కువసార్లు వచ్చే జంట 'రు' అనో 'ను' అనో పట్టేయరా? ఇంగ్లీషులో జంట కట్టడం వల్ల వచ్చే లాభం మనకు సగం పోతున్నట్టుంది.

లెక్కల మాస్టారు

మంచి మాట పట్టుకున్నారమ్మా. అవును, ఒక అచ్చుతో మొదలయ్యే పదం గానీ, ఒక ఒత్తు గానీ, సున్న గానీ వచ్చేదాకా జంటలు అక్షరాలతో కలిసే నడుస్తాయి. పైగా 'అ'కు 0 ఇచ్చాం కాబట్టి క, గ, చ లాంటివాటికి కీలో మొదటి నిలువు వరుసే పనిచేస్తుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. మూడేసి వర్ణాల గుంపులు, మూడు వరుసల కీ పెడితే 'రు' ఒకచోట గుంపు మొదట్లో, ఒకచోట చివర్లో, ఒక్కోచోట రెండు గుంపుల మధ్య విరిగి పడుతుంది. చెల్లుబాటు సూత్రం మారదు, 56లో 2, 7 తగలకూడదు.

తెల్లకాగితం

మూడు చాలా? 'కమలము'లో మూడేసి తీస్తే క్ అ మ్, అ ల్ అ, మ్ ఉ దగ్గర ఆగుతుంది. రెండు గుంపులకోసారి అంటే మూడు అక్షరాలకోసారి మళ్లీ అదే చోటికి వస్తాం. 5 పెడితే నయమా?

పలక_బలపం

5 అంటే కీలో 25 అంకెలు, విలోమం చేతితో నావల్ల కాదు. వచ్చే వారం 3 వరుసలతో పెడతాను. 53నా 59నా మాత్రం మీరే చెప్పండి, గోదారి గట్టు గారు ౠ వదిలేలా లేరు.

గోదారి గట్టు

59 పెట్టండి. కానీ క్ష సంగతి తేలలేదు. దాన్ని విడి అక్షరంగా కలిపితే 60 అవుతుంది.

మామిడితోట

60 అయితే 2, 3, 5 మూడూ తగులుతాయి, మొదటికే వస్తాం. క్ష అంటే క్, ష్ అని రెండు వర్ణాలుగా విడగొట్టేద్దాం.

గోదారి గట్టు

విడగొట్టండి, కానీ నేను ఒప్పుకున్నట్టు కాదు.