వాకింగ్ కేలరీల లెక్కలో, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చును తీసేయాలా వద్దా?

పద్మజ, హన్మకొండ:
నాకు 52 ఏళ్లు, బరువు 78 కిలోలు. పొద్దున్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీద 45 నిమిషాలు బ్రిస్క్ వాక్ చేస్తాను. మా అబ్బాయి వాచీ పెట్టుకుంటే 390 కేలరీలు అని చూపించింది. ఏ వ్యాయామానికి ఎంత శక్తి ఖర్చవుతుందో చెప్పే పట్టికలో బ్రిస్క్ వాక్‌కు మెట్ విలువ, అంటే ఊరికే కూర్చున్నప్పటి ఖర్చుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 4.3 అని ఉంది. 4.3 × 78 × 0.75 గంట వేస్తే 252 వచ్చింది. ఏది నమ్మాలి? ఆ మేరకు సాయంత్రం సకినాలు తినొచ్చా?

రమేష్, కాజీపేట:
వాచీనే నమ్మండి అక్కా. అది మీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూసి చెప్తుంది. పట్టికకు మీరెవరో తెలియదు కదా. మీకు చెమట పట్టి ఆయాసం వస్తుందంటే అది బ్రిస్క్ వాకే, అందులో అనుమానం లేదు.

శ్రీనివాస్, ఫిజియో, వరంగల్:
రమేష్ గారూ, పట్టికకు మనిషి తెలియదన్నది నిజమే. కానీ గుండె వేగాన్ని బట్టి కేలరీలు చెప్పడంలో మన ఎండలకు పెద్ద చిక్కుంది. మే నెలలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు ఎక్కువగా పోతుంది, దాంతో గుండె వేగం పెరుగుతుంది. కాళ్లు చేసే పని మాత్రం డిసెంబర్‌లో చేసినంతే. వాచీ ఆ పెరిగిన వేగాన్ని కూడా కేలరీలుగా లెక్కేస్తుంది.

చెమట, ఆయాసం సంగతీ అంతే. అవి మీకు ఎంత కష్టంగా ఉందో చెప్తాయి, ఎంత శక్తి ఖర్చయిందో కాదు. పట్టికలో 4.3 అన్నది గంటకు సుమారు 5.6 కిలోమీటర్ల వేగానికి ఇచ్చిన విలువ. పేరు చూసి కాకుండా వేగం చూసి తీసుకోవాలి. పద్మజ గారూ, మూడు సంగతులు చెప్పండి. 45 నిమిషాల్లో ఎంత దూరం నడిచారు? మధ్యలో ఎంతసేపు ఆగారు? ఆ వాచీలో ఎవరి బరువు నమోదై ఉంది?

పద్మజ, హన్మకొండ:
ఫోన్ మ్యాప్‌లో 3.2 కిలోమీటర్లు అని ఉంది. మధ్యలో మా వదిన కలుస్తుంది, ఏడు నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం. వాచీలో మా అబ్బాయి బరువే ఉంది, 94 కిలోలు. మార్చాలని నాకు తట్టలేదు.

శ్రీనివాస్, ఫిజియో, వరంగల్:
అయితే 390ని పక్కన పెట్టేయండి, అది మీ ఒంటి లెక్క కాదు.

ఇప్పుడు 252 సంగతి. నిలబడ్డ ఏడు నిమిషాలు తీసేస్తే నడిచింది 38 నిమిషాలు. 3.2 కిలోమీటర్లు 38 నిమిషాల్లో అంటే గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగం. పట్టికలో ఆ వేగానికి మెట్ 3.5. అప్పుడు 3.5 × 78 × 38 ÷ 60 = 173. అంటే పట్టికలోని మాటను పట్టుకున్నందుకు, ఆగిన సమయాన్ని కలిపినందుకు 252 వచ్చింది.

ఇక సకినాల ప్రశ్న. ఒక మెట్ అంటే కదలకుండా కూర్చున్నప్పటి ఖర్చు, కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ. మీరు కట్ట మీదికి రాకుండా ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఆ 38 నిమిషాల్లో అది ఖర్చయ్యేదే. రోజువారీ తిండి లెక్కలో దాన్ని ఇప్పటికే పట్టుకుని ఉంటారు. అందుకే 3.5లోంచి ఆ ఒకటి తీసేస్తే, నడక వల్ల అదనంగా పోయింది 2.5 × 78 × 38 ÷ 60, అంటే 124 కేలరీలు. 14 గ్రాముల నూనెలో ఉండేది దాదాపు అంతే. సకినాలు ఎంత నూనె పీలుస్తాయో మీకే బాగా తెలుసు.

మల్లేశం, పరకాల:
నేను రోజూ గుట్ట దారిలో పోయి వస్తా. నాది గంటకు 5 కిలోమీటర్ల వేగమే, మరి నాకూ 3.5 యేనా? నాకు 64 కిలోలు. ఇది అన్యాయంగా ఉంది సార్, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు.

శ్రీనివాస్, ఫిజియో, వరంగల్:
కాదు అన్నా. 3.5 అనేది చదును నేలకు. నూరు మీటర్లు నడిస్తే ఐదు మీటర్లు పైకి లేచే దారిలో, అదే వేగానికి దాదాపు 5.5 మెట్లు అవుతుంది. దిగేటప్పుడు ఖర్చు తగ్గుతుంది, కానీ ఎక్కేటప్పుడు పెట్టిందంతా తిరిగి రాదు. ఎక్కిన సమయం వేరుగా, దిగిన సమయం వేరుగా రాసుకుంటేనే మీ లెక్క తేలుతుంది. మీరు పోయే దారి ఎంత వాలుగా ఉందో తెలియకుండా నేను అంకె చెప్పను.

సునీత, పీఈటీ, కరీంనగర్:
శ్రీనివాస్ గారూ, ఒకటి తీసేయడం దగ్గర నేను మీతో ఏకీభవించను. మా పిల్లల తల్లిదండ్రులకు నేను వారానికి మెట్-నిమిషాలు రాయిస్తాను, అంటే మెట్ విలువను నడిచిన నిమిషాలతో గుణించిన లెక్క. పద్మజ గారిలా 3.5 మెట్ల వేగంతో 38 నిమిషాలు ఆరు రోజులు నడిస్తే 798 అవుతుంది. వారానికి 500 నుంచి 1000 అని చెప్పే లక్ష్యం, ఏమీ తీసేయకుండా వేసిన లెక్క మీద పెట్టిందే. ఒకటి తీసేసి వేస్తే 570 వస్తుంది. దాన్ని పాత లక్ష్యంతో పోల్చుకుని మనిషి అనవసరంగా టెన్షన్ పడతాడు. ఒక ఇంట్లో రెండు రకాల అంకెలు తిరిగితే లెక్క రాయడమే మానేస్తారు, ఇది నేను కళ్లారా చూశాను.

శ్రీనివాస్, ఫిజియో, వరంగల్:
వారం లక్ష్యంతో పోల్చడానికైతే మీ మాటే సరైనది, అక్కడ తీసేయకూడదు. కానీ ఆవిడ అడిగింది తిండి గురించి. 173 అనుకుని అంత తింటే రోజుకు దాదాపు 50 కేలరీలు ఎక్కువ తిన్నట్టే. ఏ పనికి ఏ అంకె అన్నది కాగితం పైనే రాసుకోవాలి.

కిరణ్, హన్మకొండ:
నాకు ఇంకో అనుమానం. కిలోకు గంటకు ఒక కేలరీ అన్నది అందరికీ సరిపోదు. వయసు, ఎత్తు, బరువు పెట్టే సూత్రంలో అక్క ఎత్తు 158 సెంటీమీటర్లు అనుకుని వేస్తే, విశ్రాంతి ఖర్చు గంటకు 56 కేలరీలే వస్తుంది, 78 కాదు. అప్పుడు 56ని 3.5తో గుణించాలి కదా? మొత్తం 124కు పడిపోతుంది. మీరు చెప్పిన అదనపు ఖర్చు అంతకంటే తక్కువ కావాలి.

శ్రీనివాస్, ఫిజియో, వరంగల్:
56 దగ్గర మీతో ఒప్పుకుంటాను. 50 దాటిన, బరువెక్కువ ఉన్నవాళ్లలో విశ్రాంతి ఖర్చు పట్టిక అనుకున్న దానికంటే తక్కువే ఉంటుంది. కానీ 78 కిలోలను కట్ట మీద మోసుకెళ్లే కాళ్ల పని దాంతోపాటు తగ్గదు. అందుకే మొత్తాన్ని 173 దగ్గరే ఉంచి, అందులోంచి 38 నిమిషాల విశ్రాంతి ఖర్చు 35 తీసేస్తాను. అదనం 137 వస్తుంది.

కిరణ్, హన్మకొండ:
మొత్తం అలాగే ఉండి విశ్రాంతి ఒక్కటే తగ్గుతుందని నాకు ఇంకా నమ్మకం కుదరలేదు సార్. ముక్కుకు మాస్క్ పెట్టి, పీల్చే ఆక్సిజన్ కొలిచి చూస్తే తప్ప ఒప్పుకోలేను.

రమేష్, కాజీపేట:
నా వాచీలో నా బరువు చూసుకున్నాను. రెండేళ్ల కింద పెట్టింది, ఇప్పటికంటే తొమ్మిది కిలోలు తక్కువ ఉంది. మార్చేశాను. గుండె వేగం మాట మాత్రం చలికాలంలో నేనే పోల్చి చూసి చెప్తాను.

పద్మజ, హన్మకొండ:
నేను 124 అనే రాసుకుంటున్నాను, తక్కువ పట్టుకోవడమే మంచిదనిపించింది. ఈ రోజు వదినను కూడా తీసుకుని స్టేడియానికి పోయాను. 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి లైన్‌లో ఐదు రౌండ్లు, ఎక్కడా ఆగలేదు, 23 నిమిషాలు పట్టింది. 4.3 రావాలంటే 21 నిమిషాల చిల్లరలో ముగించాలని లెక్క తేలింది. శ్రీనివాస్ గారూ, ఆ నిమిషంన్నర తగ్గడానికి అడుగు పొడుగు పెంచాలా, అడుగులు త్వరత్వరగా వేయాలా? నాకు కుడి మోకాలు కొద్దిగా నొప్పి ఉంది.