శనివారం రాత్రి మొదటి రైడ్, హీలర్‌గా. ఏం చేయాలో చెప్పండి

కావలి నుంచి

అందరికీ నమస్కారం. ఫైనల్ ఫాంటసీ 14 ఏడాదిగా ఆడతా ఉన్నా, వైట్ మేజ్. క్యూలో దొరికిన వాళ్లతో ఎనిమిది మంది ఆటలు ఆడినా గానీ అక్కడ ఎవరూ ఎవరితో మాట్లాడరు. ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు వాళ్లు నడిపే జట్టులో ఒక హీలర్‌కి పరీక్షలట. శనివారం రాత్రి పదింటికి సావేజ్ మొదటి బాస్‌కి నన్ను రమ్మన్నారు. మైకు పెట్టుకుని, తెలిసినోళ్లతో ఆడడం ఇదే మొదలు. ఎవరైనా చనిపోతే అది నా వల్లే అనుకుంటారేమోనని చేతులు వణుకుతున్నాయి. ముందుగా ఏం అడగాలి, ఆటలో నా పని ఎంతవరకు?

గూడూరు నుంచి

తమ్ముడూ, హీలర్ పని ఒక్కటే. ఎనిమిది మంది రక్తం ఎప్పుడూ నిండుగా ఉండాలి. దెబ్బ కొట్టడం మిగతా వాళ్ల పని, నువ్వు బాస్ వైపు చూడనే వద్దు. కొంచెం తగ్గినా వెంటనే నింపు. ఎవరూ ఏమీ అనరు.

కందుకూరు నుంచి

శుక్రవారం మొదలై సోమవారం దాకా ఉంటది గదా రైడ్ వీకెండ్. మా క్లాన్‌లో ఒక్కొక్కరికి ఐదు దాడులు, ఒక బోనస్ దాడి. సగం పడిన ఊరిని ముందు ముగించి, తర్వాతే కొత్తది మొదలుపెట్టమంటాం. అది పాటిస్తే చాలు.

ఒంగోలు నుంచి

కందుకూరు అన్నా, మీరు చెప్పేది క్లాష్ ఆఫ్ క్లాన్స్. ఆ తమ్ముడు అడిగేది వేరే ఆట, అందరూ ఒకేసారి ఒకే బాస్ మీదికి పోయేది.

కావలి తమ్ముడూ, నేను నాలుగేళ్లుగా హీలర్‌నే. గూడూరు అన్న చెప్పిందాంట్లో సగం నిజం. నువ్వు కొట్టడంలో మునిగిపోయి మనిషిని పోగొట్టుకోకూడదు, అది సరే. కానీ సావేజ్‌లో బాస్‌కి గడువు ఉంటది. ఆ లోపల చావకపోతే అందరినీ ఒక్క దెబ్బతో తుడిచేస్తాడు. ఇద్దరు హీలర్లూ చేతులు కట్టుకుని నింపుతా కూర్చుంటే ఆ గడువు అందదు. పైగా నిండిన కుండలో నీళ్లు పోస్తే కింద పోయినట్టే, తొంభై శాతం ఉన్నవాడికి క్యూర్ వేస్తే మనా పోవడం తప్ప లాభం లేదు. అందరికీ తగిలే పెద్ద దెబ్బ ఎప్పుడు వస్తాదో తెలుసుకో. అది తగిలినాక, రెండో దెబ్బ పడేలోపు నిండితే చాలు. మధ్యలో ఖాళీ దొరికితే గ్లేర్ కొట్టు.

ఇక మొదట అడగాల్సింది నీ పక్క హీలర్‌ని. ఆమె లేదా అతను స్కాలరో సేజో అయితే దెబ్బకు ముందు కవచం వేసేది వాళ్లు, దెబ్బ తర్వాత నింపేది నువ్వు. ఈ ఒక్క మాట ముందే అనుకుంటే సగం గందరగోళం పోతాది.

రెండోది లేపడం. దీని గురించి ఎవరూ కొత్తవాళ్లకు చెప్పరు, అందుకే వివరంగా చెప్తా. మా జట్టులో పోయిన నెల ఏం జరిగిందంటే, ఒకే దెబ్బకు ఇద్దరు డీపీఎస్‌లు పడిపోయారు. నేనూ, పక్క హీలరూ ఇద్దరం కంగారులో స్విఫ్ట్‌కాస్ట్ వేసి ఒకే మనిషికి రైజ్ కొట్టాం. రెండో వాడు అట్టే పడి ఉన్నాడు. స్విఫ్ట్‌కాస్ట్ లేకుండా రైజ్ వేయాలంటే ఎనిమిది సెకన్లు కదలకుండా నిలబడాలి, అంత తీరిక బాస్ ఇవ్వడు. ఇంతలో అందరూ ఒకచోట చేరి పంచుకోవాల్సిన దెబ్బ వచ్చింది. ఎనిమిది మందికి పంచాల్సింది ఏడుగురి మీద పడింది. లేచినోడు ముందే బలహీనంగా ఉన్నాడు, వాడు పోయాడు, వాడి వెనక ఇంకొకడు. అక్కడితో అయిపోయింది. ఇద్దరం తప్పేమీ చేయలేదు, ముందు మాట్లాడుకోలేదు అంతే.

అందుకని ఇప్పుడు ఎనిమిది మందిని రెండు నలుగురు చేసుకుంటాం. ఒక్కో దాంట్లో ఒక ట్యాంక్, ఒక హీలర్, ఇద్దరు డీపీఎస్. నా నలుగురిలో పడినవాడిని నేను లేపుతా, నీ నలుగురిలో వాడిని నువ్వు. హీలరే పడితే మాత్రం మిగిలిన హీలర్ ఎవరినైనా పక్కనపెట్టి ముందు తననే లేపాలి. మీ జట్టులో సమ్మనరో రెడ్ మేజో ఉంటే వాళ్లు కూడా లేపగలరు, వాళ్లనూ ఒక మాట అడిగి పెట్టుకో. రైజ్‌కి పదివేల మనాలో 2,400 పోతాది, వరసగా నలుగురిని లేపితే నీ చేతిలో ఏమీ మిగలదు.

చెప్పడం మర్చిపోతావనుకుంటే ఈ మాక్రో పెట్టుకో:

```
/ac "Swiftcast" <me>
/p Raise: <t>
```

ముందు పడినవాడిని ఎంచుకుని దీన్ని నొక్కు. తర్వాత రైజ్ విడిగా నొక్కు. మామూలు వైద్యాలను మాక్రోలో పెట్టొద్దు. మాక్రోలో వేసినవి ముందుగా నొక్కినా వరసలో నిలబడవు, ప్రతిసారీ కొంచెం ఆలస్యం అయితాది.

మార్కాపురం నుంచి

నేను ట్యాంక్‌ని. హీలర్లకు నా మనవి ఒక్కటి. నేను దూకకముందు మీరు బాస్‌ని తాకొద్దు. లీడర్ `/readycheck` పెడతాడు, దానికి ఊరికే అవునని నొక్కకుండా, తిండి తిన్నావా, మందు పెట్టుకున్నావా, కుర్చీలో ఉన్నావా చూసుకుని నొక్కు. ఒకసారి మా వాడు తలుపు తీయడానికి పోతా అవునని నొక్కిపోయినాడు, ఏడుగురం చచ్చాం.

మాకు ఎండాకాలం కరెంటు పోతాది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నిలబడినా రౌటర్ ఆగిపోయేది. ఇప్పుడు రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాను. కావలిలో ఎట్టుందో చూసుకో, ముందే జట్టుకు చెప్పు. చెప్పి పోతే ఎవరూ ఏమీ అనుకోరు.

కావలి నుంచి

ఒంగోలు అక్కా, చాలా థ్యాంక్స్. ఇంకో అనుమానం. నేనే పడిపోతే? మొదటికి వెళ్తావా అని కిటికీ వస్తాది గదా, నొక్కాలా? ఇంకొకటి, నేల మీద ఎర్ర గుర్తు నుంచి బయటికి వచ్చేసినాక కూడా దెబ్బ తగులుతోంది. నా ఇంటర్నెట్టేనా?

ఒంగోలు నుంచి

ఆ కిటికీ నొక్కొద్దు తమ్ముడూ. నొక్కితే నిన్ను లేపడానికి అక్కడ నువ్వే ఉండవు. రైజ్ వచ్చినాక ఇంకో కిటికీ వస్తాది, దాన్నీ వెంటనే నొక్కొద్దు. పెద్ద దెబ్బ వస్తుంటే అది పోనిచ్చి లేవాలి. లేచినాక ఐదు సెకన్లు నీకు ఏ దెబ్బా తగలదు, నువ్వు ఏదైనా మంత్రం వేసిన క్షణం ఆ రక్షణ పోతాది. కాబట్టి లేచి, ముందు నడిచి మంచి చోటికి చేరు, తర్వాత వైద్యం. ఆ తర్వాత వంద సెకన్లు నీ బలం పావు వంతు తగ్గి ఉంటది. ఆ లోపు ఇంకోసారి పడితే సగానికి పోతాది.

ఎర్ర గుర్తు సంగతి: దెబ్బ ఎవరికి తగలాలో సర్వర్ నిర్ణయించేది గుర్తు మాయమయ్యే క్షణంలో. కత్తి ఊపే బొమ్మ ఆ తర్వాత వస్తాది. బొమ్మ చూసి తప్పుకుంటే ఆలస్యమే. ఈ ఆటకు మన దేశంలో సర్వర్ లేదు, జపాన్‌దో యూరప్‌దో పట్టుకుని ఆడతాం కాబట్టి ఇంకొంచెం ముందే కదలాలి. అప్పటికీ తగిలితే వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడు.

నెల్లూరు నుంచి

శనివారం నిన్ను పిలిచింది మా జట్టే అనుకుంటా. వీడియో చూసి రా. తెలియని దెబ్బకు ఎనిమిది మంది నిలబడి ఉండాలంటే మా టైమ్ పోతాది.

గూడూరు నుంచి

అట్ట చూస్తే ఆట మజా ఏముంది? మేమైతే మొదటిసారి గుడ్డిగానే పోతాం, పడి లేచి నేర్చుకుంటాం.

ఒంగోలు నుంచి

ఇది జట్టును బట్టి, అన్నా. రెండు రకాలూ చూశాను. మీ లీడర్ చూడమన్నాడు కాబట్టి చూడు తమ్ముడూ. కానీ అన్నీ బట్టీ పట్టకు, అందరికీ తగిలే దెబ్బలు ఏ నిమిషంలో వస్తాయో ఒక కాగితం మీద రాసుకో, అవి నీవి. లూట్ ఎలా పంచుతారో కూడా ఇప్పుడే అడుగు, పెట్టె తెరిచినాక అడిగితే బాగుండదు. ఇంకోటి, రెస్క్యూతో మనుషులను లాగొద్దు. వాళ్లు సరైన చోటే నిలబడి ఉంటారు చాలాసార్లు.

కావలి నుంచి

కాగితం మొదలుపెట్టినా. నెల్లూరు అన్నా, నాతో పాటు హీలర్ ఎవరు? స్కాలరేనా? లేపడం ఎవరెవరిదో ముందే మాట్లాడుకోవాలి.

నెల్లూరు నుంచి

సేజ్. తొమ్మిదిన్నరకే మైకులోకి రా, ఇద్దరూ మాట్లాడుకోండి. ట్యాంక్‌లు ఎవరు ఏ నలుగురిలోనో నేను రేపు చెప్తా, వాళ్లిద్దరికీ ఇంకా తేలలేదు.