పదునా, పదనా? కుదించిన వార్తలో రైతు మాట

ఎర్రనేల, అనంతపురం:
ఒక మాట మూడు రోజులుగా మనసులో నలుగుతోంది. కళ్యాణదుర్గం దగ్గర ఒక వేరుశెనగ రైతు నాతో, “పదునారిపాయ సామీ. ఇంగ ఇత్తనం ఏస్తే మొలుస్తాదా?” అన్నాడు. రెండో వాక్యం నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్లు ఉంది. మొదటిదాంట్లో ‘పదును’ అన్నాడో ‘పదను’ అన్నాడో రాసుకోలేదు. అధికారి అన్నది కూడా రాసుకున్నా: “వారంలో వాన పడకపోతే ఉలవ, కొర్ర విత్తనాలు ఇస్తారు.”

నేను 300 మాటల వార్త పంపితే డెస్క్‌లో 60 మాటలు చేశారు. అందులో ఇలా వచ్చింది: ‘వర్షాలు లేక విత్తనం వేయలేకపోతున్నామని రైతు వాపోయాడు. వారంలో ప్రత్యామ్నాయ విత్తనాలు ఇస్తామని అధికారి హామీ ఇచ్చారు.’ రైతు మాటను కోట్‌లో ఉంచాల్సింది కదా? ఉంచితే ఏ అక్షరంతో?

బురుజు కాడ, కర్నూలు:
పదునే. పదను పుస్తకాల మాట. అయినా కోట్‌లో యాస దేనికి? ‘నేల తేమ ఆరిపోయింది’ అని శిష్టభాషలో మార్చి కోట్ పెట్టండి, అందరికీ అర్థమవుతుంది.

కత్తిపీట:
మా తాత కొలిమిలో కొడవలికి పదును పెట్టేటప్పుడు నీళ్లలో ముంచేవాడు, ‘చుయ్’ మనేది. అసలు అర్థం అదే. పొలానిది తర్వాత వచ్చింటుంది.

పెన్నా గట్టు, కడప:
కత్తిపీట అక్కా, ఏది ముందో ఏది వెనకో నేను తేల్చలేను. నిఘంటువుల్లో పదను, పదును రెండూ ఉన్నాయి. కర్నూలు సార్ మాట మాత్రం ఒప్పుకోను. మార్చిన వాక్యానికి కోట్ పెడితే ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టినట్టే. మార్చాలంటే మార్చండి, కోట్ తీసేయండి.

ఇక్కడ అసలు తప్పు వేరే. రైతు వాన లేదనలేదు. వాన పడింది, విత్తేలోపల పదును ఆరింది. మన ఎర్రనేలల్లో నీళ్లు నిలవవు, రెండెండలు కాస్తే చాలు. ‘వర్షాలు లేక’ అని రాస్తే, అదే పేజీలో మండలాల వానలెక్క చూసినవాడు రైతు అబద్ధం చెప్పాడనుకుంటాడు.

గండికోట:
అందుకే నేను ఎవరి మాటైనా మొత్తం కోట్‌లోనే ఉంచేస్తా. టెన్షన్ ఉండదు.

పెన్నా గట్టు, కడప:
తమ్ముడూ, 60 మాటల్లో అన్నీ కోట్‌లే ఉంటే వార్తకు చోటేది? వాన, నేల, పంట లాంటి ఎవరు చూసినా తెలిసే సంగతులు మన మాటల్లో చెప్పొచ్చు. ఆరోపణ, మాట ఇవ్వడం, మన మాటల్లో పెడితే చచ్చిపోయే వాక్యం, వీటి దగ్గర చెయ్యి ఆగాలి.

అధికారి మాట చూడండి. ‘ఇస్తారు’ కాస్తా ‘ఇస్తామని’ అయింది. ర పోయి మ వచ్చింది. ఎవరో ఇస్తారన్న మనిషి ఇప్పుడు తానే ఇస్తానన్నట్టయింది. ‘వాన పడకపోతే’ ఎగిరిపోయింది, పైగా ‘హామీ’ అంటగట్టారు. తెలుగులో ‘అని’ ముందున్న క్రియ కోట్ లేకున్నా కోట్ లాంటిదే, ఆ క్రియ చివర మనం చెయ్యి పెట్టకూడదు. నేనైతే ఇట్లా కుదిస్తా:

‘కళ్యాణదుర్గం ప్రాంతంలో వాన పడినా విత్తేలోపే నేల పదును ఆరిపోయింది. “ఇంగ ఇత్తనం ఏస్తే మొలుస్తాదా?” అని ఒక వేరుశెనగ రైతు అడిగారు. వారంలో వాన పడకపోతే ఉలవ, కొర్ర విత్తనాలు ఇస్తారని వ్యవసాయాధికారి చెప్పారు.’

30 మాటలు కూడా కాలేదు. అనుమానమున్న మాట కోట్ బయట ఉంది, రాసుకున్న మాట కోట్‌లో ఉంది.

బురుజు కాడ, కర్నూలు:
‘అడిగారు’ చప్పగా ఉంది. ‘వాపోయారు’లో బాధ తెలుస్తుంది.

పెన్నా గట్టు, కడప:
బాధ ఆ ప్రశ్నలోనే ఉంది సార్. పక్కన మళ్లీ ‘వాపోయారు’ ఎందుకు?

గండికోట:
అక్షరం దాకా వస్తే వేమన పద్యాలకే ఒక్క పాఠం లేదు. బ్రౌను దొర తాళపత్రాలు పోగుచేసి 1829లో అచ్చువేసేటప్పుడు ఎన్ని పాఠభేదాలు చూసింటాడో! మన కడపలో పండితులను పెట్టుకుని పనిచేసిన మనిషి. వేమనకు లేని పట్టింపు రైతు మాటకెందుకు?

పెన్నా గట్టు, కడప:
వేమనను మనం అడగలేం. ఈ రైతు ఉన్నాడు కదా.

కత్తిపీట:
వేమన పద్యంలో ‘పదను’ ఎక్కడో చదివినట్టుంది. ఎవరికైనా గుర్తుందా?

ఎర్రనేల, అనంతపురం:
‘ఇస్తారు’ సంగతి నాకు తట్టనే లేదు, రైతు మాట మీదే ఉండిపోయా. సవరణ వేయమని డెస్క్‌కు ఇప్పుడే రాశా. రేపు అటువైపే పని ఉంది, ఆయన్ను కలిసి పదునా పదనా అడుగుతా.

పెన్నా గట్టు, కడప:
అట్లా అడగొద్దు నాయనా. నువ్వు ఏదంటే ఆయన మర్యాదకు అదే అంటాడు. చేను గట్టున కూర్చుని నేల ఎట్లుందని అడుగు, ఆ మాట ఆయన నోటే వచ్చేదాకా ఆగు.