శుక్రవారం రాత్రి బస్సు అరబిక్‌లో ఏ రోజు వస్తుంది?

తుమ్మెద: మా హాస్టల్‌కి కొత్తగా అరబిక్ మాట్లాడే విద్యార్థులు వచ్చారు. బస్‌స్టాప్‌లో ఉన్న టైమ్ టేబుల్‌ని ఫొటో తీసి, అరబిక్‌లో రాసి గోడకి అతికించాలని కూర్చున్నాను. అరబిక్ చదవడం, రాయడం వచ్చు, కానీ నాది పుస్తకాల చదువే. పట్టిక కింద ఇలా ఉంది: "రాత్రి బస్సు: శుక్ర, శని రాత్రులు 23:40-02:40, ప్రతి 30 నిమిషాలకు." శుక్రవారం రాత్రి అన్నదాన్ని ఇలా రాశాను:

```
ليلة الجمعة
```

మాటకి మాట సరిపోయింది కదా. అయినా ఎందుకో మనసు ఒప్పుకోవడం లేదు. చూసి చెప్పండి.

పాతకలం: ఉర్దూలో అయితే దీన్ని జుమేరాత్ అంటారండీ. జుమా అంటే శుక్రవారం, రాత్ అంటే రాత్రి. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే.

నిశి: పాతకలం గారూ, ఆవిడ అడిగింది అరబిక్ గురించి. అయినా మీరు చెప్పిన మాటలోనే జవాబుంది. జుమేరాత్ అంటే ఏ వారం?

పాతకలం: గురువారం. అరే! అవును కదా, మాటలో ఉన్నది శుక్రవారం రాత్రి, అర్థం మాత్రం గురువారం.

నిశి: అదే సంగతి. ఇస్లామీ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. గురువారం పొద్దు కుంకగానే శుక్రవారం వచ్చేసినట్టు. కాబట్టి శుక్రవారానికి చెందిన రాత్రి శుక్రవారం పగటికి ముందే వస్తుంది. మీరు రాసిన "లైలతుల్ జుముఆ" అనగానే చాలామంది అరబ్బులకి తోచేది మన గురువారం రాత్రే. ఇప్పటి వాడుకలో మనలాగే శుక్రవారం సాయంత్రం తర్వాత అని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఒకే గదిలో ఇద్దరు రెండు రకాలుగా చదివే మాటని టైమ్ టేబుల్‌లో పెట్టకూడదు. మీ నోటీసు చదివిన పిల్లవాడు గురువారం రాత్రి 23:40కి స్టాప్‌లో నిలబడితే ఆ బస్సు రాదు. శనివారం రాత్రి బస్సు ఉన్నా, లేదనుకుని ఇంకో దారి చూసుకుంటాడు.

తుమ్మెద: అమ్మో. అయితే "శుక్రవారం సాయంత్రం" అని మార్చనా?

నిశి: దాంతో సగమే తీరుతుంది. 00:10 నుంచి 02:40 దాకా ఉన్న బస్సులు క్యాలెండర్ ప్రకారం శనివారానివి. రవాణా సంస్థలు వాటిని శుక్రవారం సర్వీసు ఖాతాలోనే వేసుకుంటాయి. బస్సుల డేటాకి వాడే GTFS ఫైళ్లలో అర్ధరాత్రి దాటిన 01:10ని 25:10:00 అని రాయడం అందుకే. సంస్థకి అది ఒకే రోజు, ప్రయాణికుడికి రెండు. అందుకని రాత్రి అన్న మాటే ఎత్తకుండా, రోజునీ టైమునీ జతగా రాసేయండి:

```
من الجمعة 23:40 إلى السبت 02:40
من السبت 23:40 إلى الأحد 02:40
```

శుక్రవారం 23:40 నుంచి శనివారం 02:40 వరకు, శనివారం 23:40 నుంచి ఆదివారం 02:40 వరకు. మూలంలో ఒక వరుస ఉన్నది రెండయింది, పోనివ్వండి. అర్థం అంగుళం కూడా జరగలేదు.

వానచినుకు: నాదొక మాట. అరబిక్ కుడి నుంచి ఎడమకి కదా, పట్టిక మొత్తం తిప్పేయాలి. స్టాపుల పేర్లు కుడి చివరికి రావాలి, మొదటి బస్సు దాని పక్కన, టైములు కూడా వెనక నుంచి.

నిశి: నిలువు వరుసల దాకా మీరన్నది నిజం. స్టాపుల వరుస కుడివైపు, తొలి బస్సు దాని పక్కన, ఆఖరి బస్సు ఎడమ చివర. కానీ అంకెలు తిప్పకూడదు. అరబిక్ రాతలో కూడా 23:40 అన్నది ఎడమ నుంచి కుడికే ఉంటుంది.

అసలు చిక్కు మధ్యలో ఉన్న గీతతో వస్తుంది. 23:40-02:40 అని ఖాళీ లేకుండా టైపు చేసి, పట్టికలో అంకెలు మాత్రమే ఉన్న గడిలో పెట్టండి. బ్రౌజర్ దాన్ని ఒకే అంకెల గుంపుగా తీసుకుని, 23:40ని ఎడమన, 02:40ని కుడిన చూపిస్తుంది. కుడి నుంచి చదివే కంటికి ముందు తగిలేది 02:40. అంటే తెల్లవారుజామున మొదలై రాత్రి 23:40 దాకా తిరిగే బస్సు! అదే టైమును వాక్యంలో అరబిక్ మాట తర్వాత పెడితే ఆ రెండూ చోట్లు మార్చుకుంటాయి, అప్పుడు సరిగ్గానే కనిపిస్తాయి. ఒక్క కాగితం మీదే ఒకచోట అలా, ఒకచోట ఇలా. టైపు చేసినవాళ్ల తప్పేమీ ఉండదు, అక్షరాల దిశని తేల్చే నియమమే అలా పనిచేస్తుంది. పై వరుసల్లో గీత బదులు నుంచి అనే అర్థమిచ్చే "మిన్", వరకు అనే అర్థమిచ్చే "ఇలా" మాటలు పెట్టింది ఇందుకే. అవి ఉంటే ఏది ముందో ఎవరూ ఊహించక్కర్లేదు.

పాతకలం: అంకెలు కూడా అరబ్బులవే వేస్తే ఇంకా బాగుంటుంది కదా?

నిశి: ఇక్కడ వద్దంటాను. ఆ లిపిలో అయిదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా చుక్కలా ఉంటుంది. 0 ఉన్న బోర్డునీ, ఆ గుండ్రటి అయిదు ఉన్న కాగితాన్నీ పక్కపక్కన చూసుకునేవాళ్లు తడబడతారు. పైగా మొరాకో, అల్జీరియా, ట్యునీషియా వాళ్లు మామూలుగా రాసేది 0, 1, 2, 3లే. బోర్డు మీద ఎలా ఉందో అలాగే వదిలేయండి.

తుమ్మెద: స్టాపుల పేర్ల సంగతి? "పార్క్ గేట్"ని పట్టికలో ఉచ్చారణ ప్రకారం రాశాను, నోటీసులో అర్థం చెబుతూ "తోట ద్వారం" అన్నట్టు రాశాను.

```
بارك غيت
بوابة الحديقة
```

వానచినుకు: రెండోదే బాగుంది, చదవగానే అర్థమవుతుంది.

నిశి: అర్థమవుతుంది, కానీ బస్సులో వినిపించేది "పార్క్ గేట్" అనే కదా. "బవ్వాబతుల్ హదీఖా" కోసం ఎదురుచూస్తున్నవాడు దిగకుండా కూర్చుంటాడు. అసలు కాగితం మీద రెండు పేర్లుంటే రెండు స్టాపులనుకుంటాడు. ఊళ్లో అధికారికంగా అరబిక్ పేరు ఉంటే అదే, లేకపోతే ఉచ్చారణ, పక్కనే బోర్డు మీది రాత. ముందు స్టాపుల జాబితా ఒకటి రాసుకుని, తర్వాత ప్రతిచోటా అందులోంచే కాపీ చేయండి. మళ్లీ టైపు చేస్తే "గేట్"లో గకారం ఒకచోట గైన్, ఒకచోట జీమ్ అయిపోతుంది. ఈజిప్టువాళ్లు జీమ్‌ని గ అనే పలుకుతారు, అందుకని రెండూ కళ్లకి సరిగ్గానే కనిపిస్తాయి.

వానచినుకు: రైల్వే స్టేషన్, ఆస్పత్రి లాంటివాటిని కూడా ఉచ్చారణలోనే రాయాలంటే నాకు నచ్చలేదండీ. రాత్రిపూట ఆస్పత్రికి వెళ్లేవాడికి అర్థం కావాలి.

నిశి: దాని మీద నాకూ పట్టుదల లేదు. అలాంటి చోట అర్థం కూడా ఇవ్వొచ్చు. ఇస్తే మాత్రం ఆ రెండూ జంటగా, ప్రతిచోటా ఒకేలా ఉండాలి.

తుమ్మెద: చివరిగా ఒకటి. ఫొటోలో ఒక అంకె మీద లైటు పడింది. మొదటి బస్సు రైల్వే స్టేషన్ 23:40, పార్క్ గేట్ 23:46, ఆస్పత్రి 23:53. రెండోది 00:10, 00:16, తర్వాత 00:23నో 00:28నో తెలియడం లేదు.

వానచినుకు: మొదటి బస్సుకి ఆరు, ఏడు నిమిషాలు పట్టింది. రెండోదానికీ అంతే అయితే 23.

నిశి: 23 అయ్యే అవకాశమే ఎక్కువ. మిగతా అయిదు బస్సుల వరుసలు కూడా చూడండి, అన్నిటికీ ఏడు నిమిషాలే ఉంటే బలం పెరుగుతుంది. అయినా లెక్కకట్టి రాసిన టైము చదివి రాసిన టైముతో సమానం కాదు. మధ్యలో ఏదో ఒక స్టాపులో బస్సుని కాసేపు ఆపి ఉంచే పట్టికలూ ఉంటాయి. ఆ గడి ఖాళీగా ఉంచి, రేపు ఇంకో ఫొటో తీయండి, కాస్త పక్కకి జరిగి, ఫ్లాష్ లేకుండా.

తుమ్మెద: సరే. తీసి ఇక్కడే పెడతాను.