అమ్మానాన్నల వర్ధంతికి ముగ్గురం కలిసి రాస్తున్న ఆటవెలది, కాస్త చూసి పెట్టండి

పెదవాల్తేరు నుంచి:
అందరికీ నమస్కారం. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, ఆయన పోయిన ఏడాదికి అమ్మ కూడా వైశాఖంలోనే పోయింది, అందుకని ఇద్దరికీ కలిపి పేపర్లో ఒకటే ప్రకటన ఇద్దామనుకున్నాం. మామూలుగా వేసే "అశ్రునయనాలతో" వద్దు, మనమే ఒక పద్యం రాద్దాం అని చెల్లి పట్టుబట్టింది. తను పూణెలో ఉంటుంది, అన్నయ్య హైదరాబాద్‌లో, నేను ఇక్కడే అమ్మవాళ్ళింట్లో. వేమన పద్యాల నడక ముగ్గురికీ చిన్నప్పటి నుంచీ చెవిలో ఉంది కాబట్టి ఆటవెలది అనుకుని ఎవరి పాదం వాళ్ళు రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాం. కలిపి చదివితే ఎక్కడో తడబడుతోంది గానీ ఎక్కడన్నది దొరకట్లేదు. ఒకటీ నాలుగూ అన్నయ్యవి, రెండోది నాది, మూడోది చెల్లిది.

నాన్న చేయి పట్టుకొని నడచిన బీచిలో
అమ్మ కొంగు తుడిచింది అలసటంతా
ఊరు వేరు వేరు ఊపిరి మీరెగా
మనకు దారి చూపు మాట మీది

భావం మార్చకుండా సరిచేయగలరా?

గాజువాక నుంచి:
భావం చాలా బాగుందండి. కానీ ప్రాస అస్సలు లేదు కదా, రెండో అక్షరం చూడండి, న్న, మ్మ, రు, న, నాలుగూ నాలుగు రకాలు. ముందు అది కలపాలి. నన్నడిగితే కందంలో రాస్తే ఇంకా నిండుగా ఉంటుంది, పద్యం అంటే కందమే.

భీమిలి మాస్టారు:
బాబూ, ప్రాస నియమం కందానికి ఉంది, ఉత్పలమాలకీ చంపకమాలకీ ఉంది, ఆటవెలదికీ తేటగీతికీ లేదు. వీళ్ళు ముగ్గురూ మూడు ఊళ్ళలో కూచుని రాస్తున్నారు కాబట్టి ఆటవెలది ఎంచుకోవడమే మంచిదయింది. ఇందులో ఏ పాదం యతి ఆ పాదంలోనే తేలిపోతుంది, పక్క పాదంతో పనిలేదు, అన్నయ్య తన పాదం మార్చుకున్నా చెల్లి పాదం కదలదు. అదే కందమైతే నాలుగు పాదాల రెండో అక్షరం ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది. ఒకరు హైదరాబాద్‌లో ఒక మాట మార్చారంటే పూణెలో ఇంకొకరు మళ్ళీ మొదటి నుంచి రాసుకోవాలి.

ఇక పాదాల సంగతి. మొదటి దాంట్లో మూడు సూర్యగణాలు, వాటి తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. నాన్న, చేయి, పట్టు, ఇక్కడిదాకా మూడూ గురువు లఘువుగా చక్కగా ఉన్నాయి. తర్వాత "కొనినడ" ఒక గణమైపోయింది. పాదం "నా"తో మొదలైంది కదా, నాలుగో గణం మొదట్లో దానికి మైత్రి ఉన్న న రావాలి, అక్కడ "కొ" వచ్చి కూచుంది. అంతటితో ఆగలేదు, "చినబీచి" ఇంకో గణం పోగా చివర్న "లో" మిగిలిపోతోంది. అంటే పొరపాటు ఉన్నదల్లా "పట్టుకొని"లో ఆ రెండక్షరాల దగ్గరే. "పట్టి" అనండి చాలు. నాన్న, చేయి, పట్టి, నడచిన, బీచిలో. న దాని చోటికి అది వచ్చేసింది, చివర్న మిగులూ లేదు.

గాజువాక నుంచి:
ఓహో, కందం మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. మరి "నడచిన" బదులు "తిరిగిన" అంటే? నాలుగూ లఘువులే కదా, బీచిలో తిరగడం అనే అంటాం మనం.

భీమిలి మాస్టారు:
గణం సరిపోతుంది, యతి పోతుంది. నా కి తి కి మైత్రి లేదు. చేత్తో తాళం వేసుకుని చదివితే గణం తప్పు ఎవరికైనా దొరుకుతుంది, యతి తప్పు అలా దొరకదు, నాలుగో గణం ఎక్కడ మొదలవుతోందో గీత పెట్టుకుని చూడాల్సిందే. వీళ్ళ ఇంట్లో దొరకనిది కూడా అందుకే అనుకుంటాను.

రెండో పాదం చూద్దాం. ఇక్కడ అయిదూ సూర్యగణాలే. "తుడిచింది" దగ్గర తాళం తప్పుతోంది, రెండు లఘువుల మీద గురువు పడింది, అది సూర్యగణం కాదు. "తుడిచె" అంటే మూడు లఘువులు, సరిపోతుంది. అప్పుడు "అమ్మ కొంగు తుడిచె నలసటెల్ల" అవుతుంది. "తుడిచెన్" మీద "అలసట" చేరి "నలసట" అయింది, లోపల ఉన్నది అకారమే కాబట్టి "అమ్మ"లో అ తో యతి చెల్లుతుంది. మొదటి పాదంతో కలిపి చదవండి, నాన్న చేయి పట్టుకుని నడిచిన చోటే అమ్మ కొంగుతో అలసట తుడిచినట్టు వచ్చింది. మీరిద్దరూ అనుకుని రాశారో లేదో గానీ రెండు పాదాలూ ఒకే సాయంత్రంలా అతికిపోయాయి.

మర్రిపాలెం నుంచి:
నాకో సందేహం అండి, మా నాన్నగారి తద్దినం తిథిని బట్టి పెడతాం, పేపర్లో ప్రకటన మాత్రం తమ్ముడు ఇంగ్లీషు తేదీకి వేయించేస్తున్నాడు, రెండూ ఎప్పుడూ ఒకే రోజు రావడం లేదు, ఏది కరెక్టు? తమ్ముడు కువైట్‌లో ఉంటాడు, వాడికి తేదీ అయితేనే గుర్తుంటుంది అంటాడు.

భీమిలి మాస్టారు:
అమ్మా, తిథి చాంద్రమానం ప్రకారం నడుస్తుంది కాబట్టి ఇంగ్లీషు తేదీతో ఏటా కలవదు. కర్మ తిథికే చేస్తారు, ప్రకటన తేదీకి వేసుకోవడం చాలా ఇళ్ళలో ఉన్నదే, దాని గురించి మీ తమ్ముణ్ణి ఏమీ అనకండి. ఇక్కడ అడిగింది పద్యం సంగతి.

పెదవాల్తేరు నుంచి:
మాస్టారూ, మొదటి రెండూ అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపించాను, వెంటనే ఒప్పుకున్నాడు. చెల్లి పాదం గురించి చెప్పండి, అది మాకు తప్పనిపించలేదు.

భీమిలి మాస్టారు:
వినడానికి చాలా బాగుంది, యతి కూడా ఉంది, ఊ కి ఊ. చిక్కల్లా సంధి దగ్గర. ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు, "వేరు ఊపిరి" పద్యంలో "వేరూపిరి" అయిపోతుంది. అలా కలిస్తే మూడో గణం లఘువు పోతుంది, పాదం కుంటుతుంది. "ఊరులెన్ని యైన నూపిరి మీరెగా" అనొచ్చు.

పెదవాల్తేరు నుంచి:
చెల్లికి పంపాను. ఒప్పుకోవట్లేదండి. "ఊరులెన్ని అయినా" అంటే ఎవరికైనా సరిపోయే మాటలా ఉంది, మనం ముగ్గురం మూడు చోట్ల ఉన్నామన్నది ఆ "వేరు" అన్న మాటలోనే ఉంది, అది తీసేస్తే నా పాదమే వద్దు అంటోంది. అమ్మ చివరి రోజుల్లో తను రాలేకపోయింది, లీవు దొరికేసరికి ఆలస్యమైపోయింది, ఆ మాట మీద తనకంత పట్టుదల ఎందుకో మా ఇద్దరికీ తెలుసు. నేను బలవంతం చేయలేను.

గాజువాక నుంచి:
అయితే "వేరు" ఒక్కసారి ఉంచితే ఏటండీ? "ఊళ్ళు వేరు గాని ఊపిరి మీరెగా". తాళం వేసి చూశాను, సరిపోయింది.

భీమిలి మాస్టారు:
భేష్ బాబూ! ఊళ్ళు, వేరు, గాని, మూడూ సూర్యగణాలే. "గాని" ఇకారంతో ఆగింది కాబట్టి అక్కడ సంధి చేస్తే చేయొచ్చు, మానితే మానొచ్చు, మానినప్పుడు మధ్యలో య వస్తుంది. "ఊళ్ళు వేరు గాని యూపిరి మీరెగా". యతి ఊకారానికి ఊకారం. ఆ అమ్మాయి మాటా నిలిచింది. ఇది నాకు తట్టలేదు సుమా.

ఇక నాలుగో పాదం. గణాలూ యతీ ఏ తప్పూ లేవు, కానీ నేను ఒప్పుకోను. "మాట మీది" అంటున్నారు, అంటే అమ్మానాన్నలతో మాట్లాడుతున్నారు. వాళ్ళతో "మనకు" అంటే దారి చూపించాల్సిన వాళ్ళలో వాళ్ళూ చేరిపోతారు. అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో తమ్ముడితో చెల్లితో అంటున్నట్టు రాసేశారు, అక్కడ మనకు అనడమే సహజం. పద్యం వినేవాళ్ళు వేరు. "మాకు దారి చూపు మాట మీది" అనండి, గురువు లఘువు కాబట్టి గణం చెడదు, యతీ చెడదు.

మర్రిపాలెం నుంచి:
మేమైతే నాన్నని నువ్వు అనేవాళ్ళం, "మీరు" అంటే పరాయివాళ్ళతో మాట్లాడినట్టుంటుంది నాకు.

పెదవాల్తేరు నుంచి:
మా ఇంట్లో అన్నయ్య నాన్నని మీరు అనేవాడు, నేనూ చెల్లీ నువ్వు అనేవాళ్ళం. ఇద్దరికీ కలిపి రాస్తున్నాం కాబట్టి "మీరు" ఎలాగూ వస్తుంది, ముగ్గురికీ ఇబ్బంది లేదండి.

గాజువాక నుంచి:
మాస్టారూ, ఇంకొక్కటి. తుడిచె దగ్గర అంత సంధి చేశారు కదా, మొదటి పాదం చివర "బీచిలో", రెండోది "అమ్మ"తో మొదలు, అక్కడ చేయక్కర్లేదా?

భీమిలి మాస్టారు:
మంచి ప్రశ్న. పాతకాలం వాళ్ళయితే పాదాల మధ్య కూడా చేసి "నమ్మ కొంగు" అనే రాస్తారు. నేను మాత్రం ఈ పద్యంలో చేయను. తల్లిని తలుచుకునే పాదం "అమ్మ" అన్న పిలుపుతోనే మొదలవ్వాలి. నాతో ఒప్పుకోని వాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళదీ న్యాయమే.

అక్కయ్యపాలెం డీటీపీ:
నేను ఇలాంటి ప్రకటనలు కంపోజ్ చేస్తుంటాను, ఒక మాట చెప్పాలి. "నలసటెల్ల", "యూపిరి" చూస్తే కంపోజ్ చేసేవాళ్ళు అచ్చుతప్పు అనుకుని "అలసట", "ఊపిరి" అని దిద్దేస్తారు. ఒకసారి ఒకరి శ్రద్ధాంజలి పద్యంలో అలాగే మూడు చోట్ల మారిపోయి పేపర్లో వచ్చేసింది, ఆ ఇంటివాళ్ళు ఎంత బాధపడ్డారో. ప్రూఫ్ చూడకుండా ఓకే అనకండి. ఇంకోటి, సింగిల్ కాలమ్ బాక్సు తీసుకుంటే పాదం పట్టక మధ్యలో విరిగి కిందికి దిగుతుంది, నాలుగు పాదాలు ఆరో ఏడో లైన్లయిపోయి పద్యంలా కనపడదు. డబుల్ కాలమ్ తీసుకోండి, ఫోటోలు పక్కన కాకుండా పైన పెట్టించుకోండి. అయినా నాకు తెలీక అడుగుతున్నాను, "అలసట", "ఊపిరి" అనే వేస్తే నష్టం ఏంటి? చదివే వాళ్ళందరికీ అర్థమవుతుంది కదా.

భీమిలి మాస్టారు:
అక్షరాల లెక్క మారదు, అందుకని తాళం తప్పదు. కానీ తుడిచె దగ్గర చిన్న ఆగుడు వస్తుంది, పైకి చదివితే తెలుస్తుంది. నేనైతే న, య ఉంచమంటాను. పేపర్ చదివే వాళ్ళ కోసం తీసేస్తామంటే తప్పు పట్టను, ఆ నిర్ణయం మీ ముగ్గురిదే.

పెదవాల్తేరు నుంచి:
ఇప్పటికి ఇలా ఉంది.

నాన్న చేయి పట్టి నడచిన బీచిలో
అమ్మ కొంగు తుడిచె నలసటెల్ల
ఊళ్ళు వేరు గాని యూపిరి మీరెగా
మాకు దారి చూపు మాట మీది

చెల్లి మూడో పాదానికి సరే అంది. ఇప్పుడు అన్నయ్య "బీచిలో" బదులు "తీరాన" అంటే పద్యంలా ఉంటుంది కదా అంటున్నాడు, గణానికి రెండూ సరిపోతున్నాయి. నాన్న నోట ఎప్పుడూ బీచి అనే వచ్చేది, ఆదివారం సాయంత్రం అయితే "బీచికి పదండ్రా" అనేవారు, తీరం అన్న మాట ఆయన అనగా నేను వినలేదు. అందుకని బీచి ఉంచమనే నేనూ చెల్లీ అంటున్నాం, అన్నయ్య రేపు చెప్తానన్నాడు. న, య సంగతి కూడా అప్పుడే తేల్చుకుంటాం. డీటీపీ గారూ, డబుల్ కాలమ్ అయితే ఫోటోలు ఏ సైజులో పంపమంటారు? అమ్మది ఒక్కతే ఉన్నది మంచి ఫోటో లేదు, పెళ్ళిలో అందరితో తీయించుకున్నదే ఉంది, అందులోంచి కట్ చేస్తే సరిపోతుందా?