అప్‌డేట్: స్వెటర్ మీది ఆకుపచ్చ చుక్క పోయింది, అల్లిక మిగిలింది

నేను అడిగింది: "ఎదురు ఎండలో తీసిన ఫొటోలో స్వెటర్ మీద ఆకుపచ్చ ఫ్లేర్ చుక్క పడింది. హీలింగ్ బ్రష్ వాడితే అల్లిక అలుక్కుపోతోంది. ఎలా తీయాలి?"

అప్‌డేట్: పని అయింది. ఫ్లేర్ అంటే అసలు బొమ్మ మీద అదనంగా పడిన వెలుతురే, కింద పోగులు అలాగే ఉంటాయని ఒకరు చెప్పారు. ఛానెళ్లు విడివిడిగా చూస్తే నిజమే. చుక్కలో చాలావరకు ఎరుపు, నీలంలో అల్లిక చక్కగా ఉంది, ఆకుపచ్చలోనే తెల్లబారింది.

ఫొటోషాప్‌లో Curves లేయర్ వేసి, Green ఛానెల్‌లో కింది ఎడమ బిందువును కుడికి జరిపాను. అదనపు వెలుతురు అలా తీసివేతలా తగ్గుతుంది. మాస్క్ నల్లగా చేసి, చుక్క మీద మాత్రం మెత్తటి తెల్ల బ్రష్ తిప్పాను. మొదటిసారి ఎక్కువ లాగేసరికి చుక్క గులాబీ రంగుకి తిరిగింది! కాస్త వెనక్కి తెచ్చాను. అంచున మిగిలిన పచ్చదనానికి, కొత్త లేయర్‌ని Color మోడ్‌లో పెట్టి పక్క ఊలు రంగు అద్దాను. వెలుగునీడలు కదలవు కాబట్టి పోగులు చెదరలేదు.

మధ్యలో రెండు మూడు పోగుల మేర మూడు ఛానెళ్లూ గరిష్ఠ విలువ 255కి చేరాయి. అక్కడ తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ లేదు, అల్లిక వరస కలిసేలా పక్కనుంచి క్లోన్ చేశాను.