యాక్సిడెంట్ దగ్గర "మీ ఆయనకేం కాలేదమ్మా" అని అబద్ధం చెప్పడం తప్పా?

శ్రీను, మంగళగిరి
పోయిన వారం రాత్రి కాజ టోల్‌గేట్ దాటాక ఒక బైక్‌ను లారీ గుద్దింది. భర్తను ముందు వచ్చిన 108లో ఎక్కించారు. అప్పటికే కదలడం లేదు. భార్య డివైడర్ పక్కన కూర్చుని ఉంది, మోచెయ్యి చీరుకుపోయింది. నా చొక్కా పట్టుకుని "అన్నా, మా ఆయనెలా ఉన్నాడు?" అంది. "ఏం కాలేదమ్మా, స్పృహలోనే ఉన్నాడు" అన్నాను. మేం ఆసుపత్రికి వెళ్లేసరికే ఆయన లేడు. "బాగున్నాడన్నావుగా అన్నా" అని నా మొహంలోకి చూసింది. అప్పటి నుంచి నిద్ర లేదు. నేను చేసింది తప్పా? ఇంకేం చెప్పాలి?

బ్రాడీపేట మాస్టారు
తప్పేం లేదు బాబూ. నెత్తురు కారుతున్న మనిషితో నీ మొగుడు పోయాడని ఎవరైనా అంటారా? మా తమ్ముడు పోయినప్పుడు మా అమ్మ గుండె ఆపరేషనై మంచం మీద ఉంది. రెండు రోజులు దాచాం. నాలుగో తరగతి పిల్లాడికైనా తెలుసు, నిజం చెప్పడానికి ఒక వేళ ఉంటుందని.

సుజాత, సైకియాట్రిక్ నర్సు, గుంటూరు
మాస్టారూ, పోయాడని చెప్పమని నేనూ అనను. అది శ్రీను గారు చెప్పాల్సిన మాట కాదు, డాక్టరు చూసి చెప్పాల్సింది. కదలకపోతే పోయినట్టేనని రోడ్డు మీద మనం అనుకుంటాం, ఒక్కోసారి అది తప్పవుతుంది కూడా. కానీ "పోయాడు"కీ "బాగున్నాడు"కీ మధ్య ఇంకో మాట ఉంది: "నాకు తెలియదమ్మా."

మాకు ట్రైనింగ్‌లో నేర్పింది ఇదే. తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి, ఊహించి చెప్పకూడదు. నేనైతే ఆమె పక్కనే కింద కూర్చుని ఇలా అనేదాన్ని: "దెబ్బలు గట్టిగానే తగిలాయమ్మా. 108లో ఎక్కించారు, నేను చూశాను. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారో కనుక్కుంటాను. నీ పేరేంటి? ఎవరికి ఫోన్ చెయ్యమంటావు?" ఇందులో అబద్ధం లేదు, పిడుగులాంటి మాటా లేదు. ఆ తర్వాత నిజంగానే కనుక్కుని రావాలి. వస్తానని చెప్పి రాకపోవడం కూడా అబద్ధమే.

అబద్ధం ఎందుకు వద్దంటున్నానంటే, ఆ మాట నమ్మి ఆమె పనులు చేస్తుంది. అత్తగారికి ఫోన్ చేసి "ఏం కంగారు లేదు, పొద్దున్నే రండి" అంటుంది. ముందు నా చెయ్యికి కట్టు కట్టించుకుంటానంటుంది. ఆఖరి చూపు దక్కే అవకాశం ఉన్నా అక్కడే పోతుంది. తర్వాత డాక్టరు చెప్పే మాటా నమ్మలేకపోతుంది, ఎందుకంటే మొదటి మనిషి మాట తప్పిపోయింది.

కొత్తపేట రవి
నిజమో అబద్ధమో తర్వాత. ముందు ఆమెతో జరిగిందంతా చెప్పించాలి. లారీ ఎటు నుంచి వచ్చింది, ఏం చూసింది, అన్నీ కక్కించేస్తే మనసు తేలికవుతుంది. లోపల దాచుకుంటే అదే తర్వాత జబ్బవుతుంది. ఏడ్చేస్తే పోతుంది.

సుజాత
రవి గారూ, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఏడుపొస్తే ఆపకూడదు. "ఏడవకు, ధైర్యంగా ఉండు" అనేది మనవాళ్లు మొదట అనే మాట, ఏ పనికీ రాని మాట. తనంతట తను చెప్తే ఎంతసేపైనా వినాలి.

కానీ అడిగి అడిగి చెప్పించకూడదు. ఒకప్పుడు పెద్ద డాక్టర్లూ మీలాగే అనుకున్నారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్డు ప్రమాదాల్లో గాయపడి ఆసుపత్రిలో చేరినవాళ్లలో కొందరిని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించారు, కొందరిని వాళ్ల మానాన వదిలేశారు. 3 ఏళ్ల తర్వాత చూస్తే, మొదట్లో బాగా కలత చెందినవాళ్లలో చెప్పించుకున్నవాళ్లే ఇంకా బాధపడుతున్నారు. వదిలేసినవాళ్లు కోలుకున్నారు. అప్పుడే తగిలిన దెబ్బను గెలికినట్టన్నమాట.

రోడ్డు మీద ఆమెకు కావాల్సింది వేరే. ఫోన్లతో వీడియో తీసేవాళ్లకి అడ్డంగా ఒక మనిషి నిలబడాలి. భుజం మీద చెయ్యి వేసే ముందు అడగాలి. ఆపరేషన్ అవసరమవుతుందేమో తెలియదు కాబట్టి తాగడానికి ఏమీ ఇవ్వకుండా పెదాలు తడపాలి. వణుకుతూ చూపు ఎటో పెట్టేస్తే "రెండు పాదాలూ నేలకి ఆనించమ్మా, నాతోపాటు నిదానంగా ఊపిరి వదులు" అనాలి. అంతే.

పద్మ, సింగ్‌నగర్
శ్రీను అన్నా, నాది యాక్సిడెంట్ కాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద. మా ఇల్లు నడుములోతు మునిగింది. కుట్టుమిషన్ పోయింది, మా అమ్మాయి సర్టిఫికెట్లు తడిసి ముద్దయిపోయాయి. వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "ప్రాణాలు దక్కాయి, సంతోషించు. అవతలి వీధిలో నీకన్నా ఎక్కువ పోగొట్టుకున్నారు." నాకు ఏడవడానికి కూడా హక్కు లేదేమో అనిపించింది. ఒక అబ్బాయి మాత్రం గుమ్మంలో కూర్చుని "ఏ క్లాసు సర్టిఫికెట్లక్కా?" అని అడిగి కాయితం మీద రాసుకున్నాడు. "నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు, అడిగొస్తా" అన్నాడు. గంటకి తిరిగొచ్చి "సాయంత్రం దాకా రాదటక్కా" అన్నాడు. చెడ్డ కబురే. అయినా ఆ రోజంతా నేను నమ్మింది వాణ్నే.

బాషా, ఆటోనగర్
ఇవన్నీ సరే, అక్కడ ఆగితే పోలీసులు సాక్షి అని తిప్పరా? మా వాడొకడు అందుకే ఆగడు.

శ్రీను
బాషా భాయ్, నేనడిగింది అది కాదు.

సుజాత
అయినా చెప్తాను, ఆ భయంతోనే చాలామంది ఆగరు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు. పేరు, చిరునామా ఇవ్వాలని బలవంతం చేయకూడదు.

బ్రాడీపేట మాస్టారు
సుజాతమ్మా, "తెలియదు" అంటే ఆమెకి అర్థం కాదా? నీ మొహం చూసే తెలుసుకుంటుంది. అది దయ ఎలా అవుతుంది? మా అమ్మకి ఆ రెండు రోజులు దొరికాయి. మళ్లీ ఆ పరిస్థితి వచ్చినా దాస్తాను.

సుజాత
మీరు కొడుకు, పక్కన డాక్టరున్నాడు, మూడో రోజు చెప్పేదీ మీరే. రోడ్డు మీద శ్రీను గారు ఆమెకి ఎవరో, గంట తర్వాత ఉండరు. ఆ తేడా ఉంది. కానీ మీ అమ్మగారు నిలదీసి అడిగి ఉంటే ఏం చేసేవారు?

బ్రాడీపేట మాస్టారు
అడిగింది. "వాడేడిరా" అంది. ఊళ్లో పనుందన్నాను. తర్వాత ఆ మాట నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను క్షమించిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

శ్రీను
ఆమె తమ్ముడి నంబరు నా దగ్గరుంది. వెళ్లి క్షమించమని అడగాలా?

సుజాత
మీ మనసు తేలికపడటానికైతే ఇప్పుడు వెళ్లకండి, ఆ బరువు కూడా ఆమె మీద పడుతుంది. తమ్ముడికి ఫోన్ చేసి, "ఆ రాత్రి అక్కడున్నది నేనే. అక్క ఏమైనా అడగాలనుకుంటే వస్తాను" అని చెప్పి వదిలేయండి. పిలిస్తే అడిగినంతే చెప్పండి. కదలడం లేదన్న సంగతి అడిగితే ఈసారి ఉన్నదున్నట్టు చెప్పండి. నొప్పి తెలియలేదులే లాంటివి కల్పించకండి. మీ నిద్ర సంగతి వేరు. మొదటి వారాల్లో ఇది మామూలే, చాలామందికి తగ్గిపోతుంది. నెల దాటినా ఆ దారిన బండి నడపలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. నిద్రమాత్రలు మాత్రం మీ అంతట మీరు కొని వేసుకోకండి.

కొత్తపేట రవి
నాకింకా ఒప్పుకోవాలనిపించడం లేదు. పదో రోజు దాకా ఆగి వెళ్లి కాళ్లు పట్టుకుంటే తప్పేంటి?

శ్రీను
తమ్ముడికి ఫోన్ చేశాను. ముందు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బావ ఆఖర్న ఏమైనా అన్నాడా అని అక్క రోజూ అడుగుతోంది" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాను. ఆయన ఏమీ అనలేదు. అదే చెప్పాలి.